‘మీరు’ అనిపించుకునే హక్కు

2021 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ముందుకు ఒక వ్యాపారి పిటిషన్ వచ్చింది. పోలీసులు తనను వేధించారని, అవమానకరంగా మాట్లాడారని ఆయన ఫిర్యాదు. జస్టిస్ దేవన్ రామచంద్రన్ ఆ కేసులో ఒక వ్యక్తికి జరిగిన అవమానం దగ్గర ఆగిపోలేదు. పౌరులను ‘ఎడా’, ‘ఎడీ’, ‘నీ’ అని పిలవడం పోలీసులకు తగదని, గౌరవ వాచకాలే వాడాలని ఆదేశిస్తూ సర్క్యులర్ జారీ చేయమని రాష్ట్ర డీజీపీకి చెప్పారు. ఆ నెలలోనే సర్క్యులర్ వెలువడింది. 2024 జనవరిలో ఆలత్తూరు పోలీస్ స్టేషన్‌లో ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ న్యాయవాదితో దురుసుగా మాట్లాడిన వ్యవహారం మళ్లీ అదే న్యాయస్థానానికి చేరింది. మళ్లీ ఒక సర్క్యులర్ అవసరమైంది.

మలయాళంలోని ‘ఎడా’కు తెలుగులో ‘ఒరేయ్’ ఉంది, ‘ఎడీ’కి ‘ఒసేయ్’ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఠాణా గడప తొక్కినవారికైనా వాటిని విడమరచి చెప్పనక్కర లేదు. ఒక సర్వనామం కోసం హైకోర్టు రెండుసార్లు కలగజేసుకోవలసి రావడం చిన్న విషయం కాదు. రాజ్యాంగం అందరినీ ఒకే పేరుతో, పౌరులని పిలిచింది. రాజ్యం మాత్రం కొందరిని ‘గౌరవనీయులు’ అనీ, కొందరిని ‘మీరు’ అనీ, కొందరిని ‘రేయ్’ అనీ పిలుస్తూనే ఉంది. ఈ మధ్య దానికి నాలుగో పిలుపు ఒకటి తోడైంది. అది ఫోన్ తెరమీద ఆశ్చర్యార్థకాలతో నవ్వుతూ వచ్చే చనువు.

ఎవరిని ఎలా పిలవాలన్నది మర్యాదకు సంబంధించిన ముచ్చటగా కొట్టిపారేసేవారున్నారు. తెలుగువారికి ఆ సౌకర్యం లేదు. ఇంగ్లిషులో ‘యూ’ అనేసి తప్పించుకోవచ్చు. రాష్ట్రపతికీ రిక్షా కార్మికుడికీ అదే మాట. తెలుగులో నోరు తెరిస్తే తీర్పు ఇచ్చినట్టే. ‘వచ్చాడు’, ‘వచ్చారు’ అన్న రెండు క్రియల మధ్య తటస్థమైన మూడోది లేదు. హిందీలో ‘తూ, తుమ్, ఆప్’, బెంగాలీలో ‘తుయి, తుమి, ఆపని’, తమిళంలో ‘నీ, నీంగళ్’. ఉపఖండంలోని పెద్ద భాషలన్నింటా ఇదే స్థితి. స్థాయిని ఎంచుకోకుండా ఒక్క వాక్యం కూడా సాగదు గనుక, ఏ ప్రమాణంతో ఎంచుకుంటున్నారన్నది రాజకీయ ప్రశ్నే అవుతుంది.

ఆ ప్రమాణాన్ని భాషాశాస్త్రం చాలాకాలం కిందటే స్పష్టం చేసింది. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో సర్వనామాలపై రాసిన ప్రసిద్ధ వ్యాసంలో రెండు రకాల సంబంధాలను వేరు చేశారు. ఇద్దరూ ఒకరినొకరు ‘మీరు’ అనుకుంటే అది దూరం ఉన్న సమానత్వం. ఇద్దరూ ‘నువ్వు’ అనుకుంటే అది దగ్గరితనం ఉన్న సమానత్వం. ఒకరు ‘నువ్వు’ అని, రెండోవారు ‘మీరు’ అని బదులివ్వవలసి వస్తే అది అధికారం. అంటే ‘నువ్వు’లో తప్పు లేదు, ‘మీరు’లో పుణ్యం లేదు. అదే రూపంలో ఎదుటివారు తిరిగి జవాబివ్వగలరా అన్నదే అసలు పరీక్ష.

స్వీడన్‌లో 1967లో వైద్య పాలనా సంస్థ అధిపతిగా బాధ్యతలు చేపట్టిన బ్రూర్ రెక్సెద్ ఉద్యోగులందరినీ ‘దు’ అనే ఏకవచనంతో పిలుస్తానని ప్రకటించారు. అప్పటికే ఆ దేశంలో మొదలైన మార్పుకు ఆ ప్రకటన గుర్తుగా మిగిలిపోయింది. కొద్ది సంవత్సరాల్లోనే ‘దు’ అందరి మాటయింది. అది నిలబడడానికి కారణం ఒక్కటే. అధికారి ఉద్యోగిని ‘దు’ అన్నప్పుడు ఉద్యోగి కూడా అధికారిని ‘దు’ అనగలిగాడు. ఆ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్ని మాత్రం తెచ్చుకోవడమే ఇక్కడ ఆధునికతగా చెలామణీ అవుతోంది.

తెలుగు ఉత్తర సంప్రదాయం ఈ విషయంలో అమాయకమైనది కాదు. పాత ఉత్తరాల పైన ‘మ.రా.రా.శ్రీ’ అని కనిపించేది, మహారాజరాజశ్రీ అని దాని విస్తరణ. చిన్నవారికి ‘చి.’, వేదం చదివినవారికి ‘వే.మూ.’, బ్రాహ్మణులకు ‘బ్ర.శ్రీ’, ముత్తయిదువులకు ‘ల.సౌ.’, భర్త పోయినవారికి ‘గం.భా.’. ఉత్తరం విప్పకుండానే తపాలా జవానుకు ఆ మనిషి వయసు, కులం, వైధవ్యం అన్నీ తెలిసిపోయేవి. వ్యాకరణ పట్టికలో సంబోధన ప్రథమావిభక్తికి ‘ఓ, ఓయి, ఓరి, ఓసి’ అని బడిపిల్లలు వల్లె వేసేది కూడా ఒక నిచ్చెననే. ఈ మెట్లలో ఎక్కడా చోటు దొరకనివారికి ఉత్తరం రాసే అవసరమే రాదని ఆ సంప్రదాయం అనుకుంది. తెలంగాణ పల్లెల్లో ‘నీ బాంచెన్ దొరా’ అన్న మాట సంబోధన కాదు, లొంగుబాటు పత్రం.

ఇంత శిథిలం మధ్య తెలుగుకు దక్కిన ఒక్క మేలైన మాట ‘గారు’. దానికి లింగభేదం లేదు, కులం లేదు, పెళ్లయిందా లేదా అన్న ఆరా లేదు. పేరు తరువాతా పెట్టవచ్చు, పదవి తరువాతా పెట్టవచ్చు. అన్నిటికీ మించి అది తిరిగి ఇవ్వదగిన మాట. ‘కలెక్టరు గారు’ అన్న నోటికి ‘వెంకమ్మ గారు’ అని జవాబు రాగలదు. రాగలదు గాని రాదు. ఒక కార్యాలయంలో ‘గారు’ ఎటునుంచి ఎటు ప్రవహిస్తోందో గమనిస్తే అక్కడ అధికారం ఎటునుంచి ఎటు ప్రవహిస్తోందో వేరే చెప్పనక్కర లేదు.

పై మెట్టున ఉన్నవారి విషయంలో రాజ్యం అప్పుడప్పుడూ సంకోచాన్ని చూపింది. రాజ్యాంగంలోని 18వ అధికరణ బిరుదులను రద్దు చేసింది. 2012 అక్టోబరులో నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ తన పదవికి ముందు ‘ఎక్సలెన్సీ’ అన్న సంబోధనను దేశంలోపల మానుకోవడానికి అనుమతించారు. విదేశీ ప్రముఖులతో వ్యవహారంలో మాత్రం అంతర్జాతీయ ఆనవాయితీ ప్రకారం దాన్ని ఉంచారు. ఆ నిర్ణయంలో ఒక పాఠం ఉంది. మనిషి ఒక్కరే, పదవి ఒక్కటే. వింటున్నవారు మారితే పిలుపు మారింది. విదేశీయుల దృష్టిలో అది ఒక దేశానికి ఇచ్చే మర్యాద. సొంత పౌరుల నోట అదే మాట వలసపాలన నాటి వంగుబాటు. గాంభీర్యం మాటలో ఉండదు, ఇద్దరి మధ్య సంబంధంలో ఉంటుందని ఇంతకంటే తేటగా చెప్పడం కష్టం.

న్యాయస్థానాలది ఇంకాస్త చిక్కు కథ. హైకోర్టుల్లోనూ సుప్రీంకోర్టులోనూ ‘యువర్ ఆనర్’ లేదా ‘ఆనరబుల్ కోర్ట్’ చాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లో నియమం చేసింది. 2014లో ఈ విషయంపై వచ్చిన పిటిషన్‌ను తోసిపుచ్చుతూ, ‘మై లార్డ్’ తప్పనిసరి ఏమీ కాదని, గౌరవంగా పిలిస్తే చాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తులే ఆ మాట మానుకోమని న్యాయవాదులను కోరారు. అయినా దేశంలోని కోర్టు గదుల్లో ఇవాళ్టికీ ‘మై లార్డ్’ మోగుతూనే ఉంది. తప్పనిసరి కాదని చెప్పడానికీ, మానినవారికి నష్టం లేదని నమ్మించడానికీ మధ్య ఎంత దూరముందో ఆ మోత చెబుతుంది. కేసు గెలవవలసిన న్యాయవాది తన కక్షిదారుడి భవిష్యత్తును పణంగా పెట్టి సమానత్వ ప్రయోగాలు చేయడు. పిలుపును మార్చవలసింది కింద ఉన్నవారు కాదు, పైనున్నవారు.

పాలక్కాడు జిల్లాలోని మాత్తూరు గ్రామ పంచాయతీ ఇక్కడే సగం సరిగా, సగం పొరపాటుగా ఆలోచించింది. 2021 ఆగస్టు చివరిలో ఆ పంచాయతీ తన కార్యాలయంలో ‘సర్’, ‘మేడమ్’ అన్న పిలుపులను రద్దు చేసింది. ఉద్యోగులను పేరుతోనో పదవితోనో పిలిస్తే చాలంది. దరఖాస్తుల్లో ‘వేడుకుంటున్నాను’ అనే ధోరణి మాటలకు బదులు ‘హక్కుగా కోరుతున్నాను’ అనే ధోరణిలో రాయవచ్చునంది. ఈ రెండో భాగం అమూల్యమైనది. ‘తమరి దివ్య సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా’ అని మొదలయ్యే కాగితం ఎంత న్యాయమైన కోరికనైనా భిక్షగా మారుస్తుంది. దస్తావేజు లేఖరి ఆ వాక్యానికి డబ్బు తీసుకుంటాడు, అధికారి దాన్ని చదవకుండా దాటేస్తాడు, పౌరుడు మాత్రం దాని కింద వేలిముద్ర వేస్తాడు. అయితే మొదటి భాగం భారాన్ని పౌరుడి నాలుక మీద పెట్టింది. పౌరుడు ‘సార్’ అనడం మానినంత మాత్రాన గుమాస్తా ‘మీరు’ అనడం మొదలుపెట్టడు. కేరళ హైకోర్టు మార్గం దీనికి నేరుగా ఎదురుది. అది ఆంక్షను అధికారం ఉన్నవారి నోటికి పెట్టింది. ఆదేశం అమలు కాకపోవచ్చు గాక, దిశ సరైనది.

ఇప్పుడు నాలుగో పిలుపుకు రావాలి. గద్దింపు స్థానంలో ప్రభుత్వాలూ పార్టీలూ ఇటీవల చనువును ప్రవేశపెట్టాయి. బెంగాల్‌లో ‘దీదీకి చెప్పండి’ అన్న ప్రచారం 2019లో మొదలైంది. తమిళనాట ‘అమ్మ’ పేరు ఉప్పు నుంచి ఉణవగం దాకా అన్నిటిమీదా వెలిసింది. మధ్యప్రదేశ్‌లో ముఖ్యమంత్రి ‘మామ’ అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో అన్న పేరున క్యాంటీన్లు వచ్చాయి, జగనన్న పేరున దీవెనలు వచ్చాయి. పార్టీలు వేరు, వ్యాకరణం ఒక్కటే. బంధుత్వ పదం దగ్గరితనంలా వినబడుతుంది గాని అది కచ్చితంగా ఒక దిశలోనే పనిచేస్తుంది. పౌరుడు తమ్ముడవుతాడు, పాలకుడు అన్న అవుతాడు. తమ్ముడు అన్నను అడగగలడు, అలగగలడు. లెక్క చెప్పమని నోటీసు ఇవ్వలేడు. ఖజానా సొమ్ము ‘దీవెన’ అయిన చోట పౌరుడి వాటా కృతజ్ఞత మాత్రమే. తిరిగి ఇవ్వగలరా అన్న పరీక్షలో ఈ పిలుపు మొదటి అడుగులోనే ఓడిపోతుంది.

ఫోన్‌కు వచ్చే సందేశాల్లో ఈ చనువు మరో వేషం వేస్తుంది. ‘డియర్’ అని మొదలై, జాబితాలో మొదటి గడిలో ఉన్న పేరు వచ్చి, ఆశ్చర్యార్థకంతో ముగిసే పలకరింపు అది. ‘మొదటి పేరు’ అన్నది ఇంగ్లిషువారి నామకరణ పద్ధతికి పుట్టిన గడి. తెలుగువారి మొదటి పేరు ఇంటిపేరు. పాములపర్తి వెంకట నరసింహారావును ఆ గడి ‘డియర్ పాములపర్తి’ అంటుంది. ముత్తువేల్ కరుణానిధి స్టాలిన్‌ను అది ‘డియర్ ముత్తువేల్’ అంటుంది. అది ఆయన తాతగారి పేరు. మాజీ ప్రధానికీ, ముఖ్యమంత్రి అయిన నాయకుడికీ ఆ పొరపాటు జరిగితే ఎవరో ఒకరు సరిదిద్దుతారు. పింఛను జాబితాలోని ముసలావిడకు జరిగితే దిద్దేవారు ఉండరు. చనువుగా పిలవాలని ఉబలాటపడిన రాజ్యానికి ఆమె పేరు ఏదో కూడా తెలియదన్న నిజం ఆ ఒక్క మాటలో బయటపడుతుంది. ఊరు దాటితే సంస్కృతి కూడా మారుతుంది. కోస్తా జిల్లాల్లో పెద్దలను పేరుతో పిలవడమే తప్పు, ‘అండీ’ లేని వాక్యం గుచ్చుకుంటుంది. తెలంగాణ పల్లెలో ‘సారూ, నువ్వే చెప్పు’ అనడంలో అగౌరవం ఏమాత్రం లేదు. ఆ ‘నువ్వు’ను కోస్తా చెవితో విని కస్సుమన్న అధికారికి భాష తెలుసు గాని ప్రజలు తెలియరు. అయితే ఆ పల్లె ‘నువ్వు’ను సాకుగా తీసుకొని అధికారి కూడా ‘నువ్వు’ అనడం వేరు సంగతి. ఒకటి ఆ ఊరి నుడికారం, రెండోది పదవి అహంకారం.

ఆశ్చర్యార్థకం కథ విచిత్రమైనది. పాత తెలుగు అర్జీల్లో ‘అయ్యా!’, ‘ఆర్యా!’ అని సంబోధన పక్కనే ఆ గుర్తు నిలబడేది. అక్కడ అది ఉత్సాహానికి గుర్తు కాదు, పిలుపుకు గుర్తు. చేతులు కట్టుకొని గొంతు సవరించుకోవడం లాంటిది. ఇప్పటి సందేశాల్లో అదే గుర్తు పండుగ బాజా. శుభవార్తకు బాజా మోగిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. రాయితీ నిలిచిపోయిందని, గడువు దాటిపోతోందని, పేరు తొలగిపోనుందని చెప్పే వాక్యం చివర అదే గుర్తు వస్తే ఇంటి ముందు శవం లేచినప్పుడు బాజా వాయించినట్టే. చెబుతున్న సంగతి వల్ల చదివేవారికి నష్టం ఉంటే ఆ గుర్తుకు అక్కడ పని లేదు. ఈ నియమానికి మినహాయింపు వెతకడం కష్టం.

కుదింపు మాటల సంగతి మాత్రం వేరు. వాటిని అగౌరవంగా లెక్కించేవారు పొరబడుతున్నారు. ‘వచ్చుచున్నారు’ కుదించుకుని ‘వస్తున్నారు’ అయినందుకు ఎవరి గౌరవమూ తగ్గలేదు; గిడుగు రామమూర్తి పంతులు పోరాటం నిలబెట్టింది ఆ సంగతినే. కుదింపులో చూడవలసింది మర్యాద కాదు, స్పష్టత. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు శైలి నియమాల్లో ఒక మంచి విచక్షణ ఉంది. ‘యూల్’ వంటి కుదింపులను అది అనుమతిస్తుంది, ‘కాంట్’, ‘డోంట్’ వంటి వ్యతిరేక కుదింపులను వద్దంటుంది. చాలామంది పాఠకులు వాటిని తడబడి చదువుతారని, ఒక్కోసారి తిరగబడిన అర్థంలో కూడా గ్రహిస్తారని దానికి కారణం. ఇంగ్లిషు మాతృభాష అయిన దేశానికే ఆ జాగ్రత్త అవసరమైతే, ఇంగ్లిషు నోటీసును రెండో భాషగానో మూడో భాషగానో చదివే కోట్లమందికి ఎంత అవసరమో చెప్పనక్కర లేదు. తెలుగులో వ్యతిరేకార్థం క్రియ తోకలో దాక్కుంటుంది. నాలుగు వరుసల వాక్యం చివర ‘అర్హులు’ తరువాత ‘కారు’ అన్న రెండక్షరాల్లో మనిషి బతుకు తారుమారవుతుంది. ‘కుదర్దు’ బదులు ‘కుదరదు’ అని రాయడం కంటే, కాదన్న సంగతిని చిన్న వాక్యంగా విడదీసి ముందే చెప్పడం పెద్ద మర్యాద.

ఇవన్నీ కలిసి ఒక కాగితం మీద ఎలా పనిచేస్తాయో చూడటానికి ఓటరు జాబితా నోటీసు తగిన ఉదాహరణ. ఒక నియోజకవర్గంలో డెబ్బై ఏళ్ల స్త్రీ పేరును జాబితా నుంచి తొలగించాలని ప్రతిపాదన వచ్చిందనుకోవచ్చు. ఆమె ఆ చిరునామాలో నివసించడం లేదని ఎవరో ఫారం 7 ఇచ్చారు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కారణంతో పేరు తీసేయాలంటే ముందుగా ఆమె వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వాలి. కనుక ఆమెకు ఒక కాగితం వెళ్లాలి. ఆ కాగితం ఏ గొంతుతో మాట్లాడాలి?

కార్యాలయపు పాత గొంతు ఇలా ఉంటుంది: ‘పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి తమరు నిర్ణీత తేదీన ఈ క్రింద సంతకము చేసిన అధికారి సమక్షమున హాజరు కావలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది. గైర్హాజరైన యెడల తదుపరి చర్య గైకొనబడును.’ ఇందులో ‘తమరు’ ఉంది, గౌరవం లేదు. ఏ విషయమో చెప్పలేదు, ఏ చర్యో చెప్పలేదు, ఎవరు తెలియజేస్తున్నారో కూడా చెప్పలేదు. ‘తెలియజేయడమైనది’, ‘గైకొనబడును’ అన్న కర్త లేని క్రియలు అధికారిని తెర వెనక దాచాయి. కొత్త గొంతు ఇలా ఉంటుంది: ‘హాయ్! మీ ఓటు సేఫ్‌గా ఉందా? ఒక్కసారి చెక్ చేస్కోండి! మిస్ అవ్వొద్దు!’ ఇందులో మూడు ఆశ్చర్యార్థకాలున్నాయి, ఒక్క సమాచారం లేదు. మొదటిది ఆమెను భయపెడుతుంది, రెండోది ఆమె ఫోన్ పక్కన పెట్టేసేలా చేస్తుంది. రెంటి ఫలితమూ ఒక్కటే. ఆమె విచారణకు రాదు, ఓటు పోతుంది.

సరైన గొంతును వెతకడానికి మూడు సంగతులు చూడాలి. చదివేది డెబ్బై ఏళ్ల మనిషి. బహుశా మనవడు చదివి వినిపిస్తాడు, కనుక చెవికి అర్థమయ్యే చిన్న వాక్యాలు కావాలి. సంబంధం చట్టబద్ధమైనది, రాస్తున్నది ఆమెకు అన్న కాదు, మిత్రుడు కాదు, ఆమె హక్కును వినవలసిన అధికారి. కనుక బంధుత్వం వద్దు, ‘హాయ్’ వద్దు, బెదిరింపు కూడా వద్దు. ఇక సంస్కృతి. ఇంటిపేరుతో సహా జాబితాలో ఉన్న పూర్తి పేరు, దాని తరువాత ‘గారికి’. ‘శ్రీమతి’ అనవసరం, ఆమె భర్త ఉన్నాడో లేడో ఓటుకు సంబంధం లేని విషయం. అప్పుడు నోటీసు ఇలా వస్తుంది: ‘మీ పేరును ఓటరు జాబితా నుంచి తొలగించాలని మాకు ఒక దరఖాస్తు అందింది. మీరు ఈ చిరునామాలో నివసించడం లేదని అందులో రాశారు. మేము ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. మీరు ఇక్కడే నివసిస్తుంటే ఆ సంగతి చెప్పడానికి ఈ తేదీన, ఈ చోటికి రండి. నివాసం తెలిపే పత్రం ఏదైనా ఉంటే తీసుకురండి. పేరు తొలగిస్తే పదిహేను రోజుల్లోగా జిల్లా మెజిస్ట్రేటుకు అప్పీలు చేసుకోవచ్చు.’ కింద అధికారి పేరు, హోదా, ఫోన్ నంబరు.

ఇందులో ‘తమరు’ లేదు, ‘దయచేసి’ కూడా లేదు. అయినా పాత నోటీసుకంటే గౌరవం ఎక్కువ. ‘మేము ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు’ అన్న వాక్యం ఒక్కటే పది ‘గౌరవనీయ’ల పెట్టు. అధికారి ‘మేము’ అని ముందుకు వచ్చాడు గనుక ఆమె ‘మీరు’ అని నేరుగా అడగగలదు. ఇదే ఆ పరీక్షలో నెగ్గడం అంటే.

అధికారులకు ఈ విద్య తెలియదని అనుకోవడానికి వీల్లేదు. కేంద్ర సచివాలయ విధాన గ్రంథంలో అధికారిక లేఖకు ఒక మర్యాద, డి.ఓ. లేఖకు మరో మర్యాద ఉన్నాయి. మొదటిది ‘సర్’ అని మొదలై ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అని ముగుస్తుంది. రెండోది పేరుతో పిలిచి, ఉత్తమ పురుషలో, స్నేహంగా మాట్లాడి, ‘యువర్స్ సిన్సియర్లీ’ అని ముగుస్తుంది. ఫైలు కదలనప్పుడు ఒక అధికారి మరొకరి వ్యక్తిగత శ్రద్ధను కోరడానికి రెండోదాన్ని వాడతారు. సాటి హోదా వారికో, ఒకటి రెండు మెట్లు పైనా కిందా ఉన్నవారికో అది తగునని కూడా ఆ గ్రంథం చెబుతుంది. అంటే చదివేది ఎవరు, సంబంధం ఏమిటి, సందర్భం ఏమిటి అని లెక్కవేసి గొంతు మార్చుకోవడం ఆ వ్యవస్థకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్యను తమలో తాము ప్రదర్శించుకుంటారు. పౌరుడి వంతు వచ్చేసరికి అచ్చు ఫారం మిగులుతుంది. ఆ ఫారం కూడా ముందు ఇంగ్లిషులో పుడుతుంది. ఇంగ్లిషు క్రియకు మర్యాద స్థాయి ఉండదు కనుక తెలుగులోకి వచ్చేటప్పుడు ‘సమర్పించు’, ‘ఎంచుకో’, ‘తొలగించు’ అని ఏకవచనపు ఆజ్ఞలవుతాయి. పైన ‘మీరు’, కింద ‘ఎంచుకో’ ఉన్న పత్రం కనిపిస్తే ఆ వాక్యాన్ని తెలుగులో ఎవరూ ఆలోచించలేదని తెలుసుకోవచ్చు.

ఈ నేరంలో పత్రికలకూ వాటా ఉంది. విచారణకు మాజీ మంత్రి ‘హాజరయ్యారు’, గొలుసు దొంగతనం ఆరోపణపై కూలీ ‘పట్టుబడ్డాడు’. ఇద్దరూ నిందితులే, ఇద్దరిమీదా నేరం రుజువు కాలేదు. కోట్ల ఆరోపణకు బహువచనం, గొలుసు ఆరోపణకు ఏకవచనం. ఎమ్మెల్యే ‘చెప్పారు’, అత్యాచార బాధితురాలు ‘చెప్పింది’. నేరం చేయని, నేరానికి గురైన స్త్రీకి ‘రు’ అనే ఒక్క అక్షరం దక్కదు. నిరపరాధి అన్న భావనను సంపాదకీయాల్లో వల్లించే పత్రికలు క్రియాపదాల్లో రోజూ శిక్షలు విధిస్తున్నాయి. దీన్ని మార్చడానికి చట్టం అక్కరలేదు, హైకోర్టు అక్కరలేదు. వార్తలో పేరున్న పెద్దలందరికీ ‘రు’ అని, లేదా అందరికీ ఏకవచనం అని డెస్కు ఒక నియమం రాసుకుంటే చాలు. రెండోదానికి ఏ యాజమాన్యమూ సాహసించదు గనుక మొదటిదే దారి.

ఇంత పట్టింపు దేనికి, పని జరిగితే చాలదా అని అడిగేవారికి జవాబు ఠాణాలో ఉంది. ‘ఒరేయ్’ అని పిలిచిన మనిషి మీద చేయి చేసుకోవడం సులువు. ‘మీరు’ అని పిలిచిన మనిషి మీద చేయి లేపాలంటే ముందు సర్వనామం మార్చుకోవాలి. మాటకూ లాఠీకీ మధ్య ఉన్న ఆ ఒక్క క్షణం జాప్యం కోసమే హైకోర్టు రెండుసార్లు శ్రమపడింది. ఆ జాప్యాన్ని ‘గౌరవనీయులు’ పుట్టుకతోనే పొందుతున్నారు. మిగిలినవారికి అది ఇంకా సర్క్యులర్ స్థాయిలోనే ఉంది.